అసోసియేషన్ పేరు మార్పు – డిసెంబర్ 14న మీ ఓటు కావాలి

విశాఖపట్నం, 23 నవంబర్ 2025

కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

కార్తీక వనభోజనాల్లో పులిహోర దగ్గర మొదలై ఐస్‌క్రీమ్ దాకా సాగిన చర్చ మీలో చాలామంది విన్నారు, సగం మంది అందులో గట్టిగా మాట్లాడారు కూడా. దాన్ని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. మన అసోసియేషన్‌కి 'జీడితోట కాలనీ రెసిడెంట్స్ వెల్ఫేర్ అసోసియేషన్' అని పేరు మార్చాలని కమిటీ ప్రతిపాదిస్తోంది, ఒప్పుకుంటారో లేదో మీరు ఓటు వేసి చెప్పాలి.

ప్రస్తుతం రిజిస్టరైన పేరు 'గ్రీన్ హిల్ వ్యూ ఎన్‌క్లేవ్ ఫేజ్-2 ప్లాట్ ఓనర్స్ వెల్ఫేర్ అసోసియేషన్'. ఊపిరి బిగపట్టి చదవాల్సిన పేరు. చెక్కు మీద రాయాలంటే ఆ గీతలో పట్టదు, ఎవరో ఒకరు మధ్యలో 'ఫేజ్-2' మింగేస్తారు, బ్యాంకువాళ్ళు పేరు కలవలేదని చెక్కు వెనక్కి పంపుతారు. మొన్న మెయింటెనెన్స్ చెక్కులు తిరిగొచ్చింది ఇందుకే. కానీ పొడుగు ఒక్కటే అయితే మిమ్మల్ని కదిపేవాణ్ణి కాదు.

అసలు ఇబ్బంది 'ప్లాట్ ఓనర్స్' అన్న మాటతో. లేఅవుట్ వేసిన రోజుల్లో ఇక్కడున్నవి హద్దురాళ్ళు, తుప్పలు, అప్పుడు ఆ పేరు సరిపోయింది. ఇప్పుడు ఆ ప్లాట్లలోనే నాలుగు అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో ఫ్లాట్ కొనుక్కున్నవాళ్ళు మనకి చందా కడుతున్నారు, బైలాస్ ప్రకారం సభ్యులే, అయినా మీటింగుకి పిలిస్తే "మాది ప్లాటు కాదు కదండీ" అని ఆగిపోతున్నారు. పార్కు బోరు మోటారు కాలిపోయినప్పుడు విరాళాలు అడగడానికి వెళ్తే ఒకాయన రసీదు మీద పేరు చూసి, "ఇది ఓనర్ల సంఘం, మేం అద్దెకున్నవాళ్ళం, మాకేంటి సంబంధం" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నీళ్ళు అందరూ వాడతాం, చెత్తబండి అందరి గుమ్మం ముందూ ఆగాలి, పేరు మాత్రం కొందరిదే.

ఇక 'ఫేజ్-2' సంగతి. ఫేజ్-1 కొమ్మాది వైపు ఉంది, వాళ్ళ సంఘం వేరు, మన సంఘం వేరు. వాళ్ళ పార్సిళ్ళు మనకి, మన నోటీసులు వాళ్ళకి చేరడం అలవాటైపోయింది. 'హిల్ వ్యూ' మాటకొస్తే, కంబాలకొండ కనపడేది మూడో లైను చివరి మేడ ఎక్కితేనే. ఆ మేడ ఎవరిదో మీకు తెలుసు, ఆవిడ వడియాలు పెట్టుకునే చోటు అది.

కొత్త పేరు మేం కుర్చీలో కూర్చుని పుట్టించింది కాదు. లేఅవుట్ కాకముందు ఇక్కడ జీడిమామిడి తోట ఉండేది, పాత సభ్యులు చూసినవాళ్ళే. పార్కు మూలనున్న మూడు చెట్లు ఆ తోటవే, హుద్‌హుద్‌కి మిగతావి పడిపోయినా అవి నిలబడ్డాయి. మధురవాడలో ఆటో ఎక్కి 'ఎన్‌క్లేవ్' అంటే డ్రైవరు మొహం చూస్తాడు, "జీడితోట దగ్గరే కదా బాబూ" అని తనే అంటాడు. పాలబ్బాయి, గ్యాస్ బండి, పెళ్ళి శుభలేఖలు వేయించేవాళ్ళు, అందరూ ఆ పేరే వాడుతున్నారు. వాడుకలో ఉన్న పేరుని రిజిస్టర్ చేయించుకుందాం అంటున్నాం, అంతే.

వేరే పేర్లు కూడా వచ్చాయి. సింహాద్రి అప్పన్న పేరు పెడదామని కొందరు పెద్దలు అన్నారు. స్వామి మీద భక్తి నాకూ ఉంది, కానీ మన విశాఖలో సింహాద్రి పేరుతో ఎన్ని కాలనీలున్నాయో చెప్పక్కర్లేదు, ఫేజ్-1 గొడవ వదిలించుకుని ఇంకో పేరు గొడవ తెచ్చుకున్నట్టవుతుంది. 'సాగర్ వ్యూ' అన్నవాళ్ళని రుషికొండ వెళ్ళి చూసి రమ్మని చెప్పాను. నాయకుల పేర్లు ఎవరివైనా సరే కమిటీ పరిశీలించలేదు, పరిశీలించదు కూడా. అది మొదలైతే పేరుతో ఆగదు.

ఓటుకి ఒక్క పేరే ఎందుకు పెట్టారని అడుగుతున్నారు. మన బైలాస్ ప్రకారం పేరు మారాలంటే హాజరై ఓటు వేసినవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. మూడు పేర్లు పెడితే ఓట్లు చీలి ఏదీ గెలవదు. అందుకే ఒక పేరు, 'సమ్మతం' లేదా 'వద్దు'. వద్దంటే పాత పేరే ఉంటుంది, ఆర్చికి మళ్ళీ అదే పేరుతో పెయింట్ వేయిస్తాం. ఎలాగూ సంక్రాంతి లోపు పెయింట్ వేయించాలి, ఓటు ఇప్పుడే పెట్టడానికి అదీ ఒక కారణం.

మీలో కొందరికి టెన్షన్ పట్టుకుందని తెలుసు కాబట్టి సూటిగా చెబుతున్నాను. మారేది సంఘం పేరు. మీ సేల్ డీడ్, సర్వే నంబరు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, ఆధార్‌లో అడ్రసు, వీటిలో ఒక్క అక్షరం కూడా మారదు. 'రెసిడెంట్స్' అని పెట్టినంత మాత్రాన అద్దెకున్నవాళ్ళకి ఓటు రాదు, సభ్యత్వం రూల్స్ ఈ తీర్మానంలో లేనే లేవు. అద్దెవాళ్ళకి ఏదో ఒక రకం సభ్యత్వం ఉండాలని నా సొంత అభిప్రాయం, కానీ అది వేరే చర్చ, దాన్ని దొడ్డిదారిన తీసుకురాను.

తీర్మానం నెగ్గితే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సొసైటీ పేరు మార్పుకి పెడతాం. అక్కడ అయ్యాకే పాన్ కార్డు, తర్వాత బ్యాంకు ఖాతా, పార్కు మోటారు కరెంటు కనెక్షన్. అన్నిచోట్లా ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి, లేకపోతే చెక్కుల కథ మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి ఆ స్పెల్లింగ్ కూడా ఓటు స్లిప్పు మీదే అచ్చు వేయిస్తున్నాం. బ్యాంకులో మారేదాకా చెక్కులు పాత పేరు మీదే రాయండి. ఫీజులు, స్టాంపు, లెటర్‌హెడ్, బోర్డు అన్నీ కలిపి 20 వేల లోపు అవుతుందని కోశాధికారి లెక్క. అది కార్పస్ ఫండ్ నుంచి తీస్తాం, మెయింటెనెన్స్ పెంచం.

సర్వసభ్య సమావేశం డిసెంబర్ 14, ఆదివారం, ఉదయం 10 గంటలకు పార్కు షెడ్డులో. ఇంటికి లేదా ఫ్లాటుకి ఒక ఓటు, రహస్య బ్యాలెట్. సెప్టెంబర్ వరకు బకాయి లేనివాళ్ళే ఓటు వేయగలరు, బాకీ ఉంటే 13 సాయంత్రం లోపు కోశాధికారికి కట్టేయండి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళు తమ ఇంట్లోవాళ్ళకి సంతకం చేసిన అధికారపత్రం ఇస్తే చాలు, దాని స్కాన్ కాపీ 12వ తేదీ లోపు నాకు చేరాలి. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్ళు పెట్టినా, పోల్ నొక్కినా ఓటు కింద లెక్కకి రాదు, షెడ్డులో డబ్బాలో పడ్డ స్లిప్పే ఓటు.

మూడో వంతు సభ్యులు రాకపోతే కోరం లేక మీటింగ్ వాయిదా పడుతుంది. వద్దనేవాళ్ళు కూడా ఇంట్లో కూర్చోకుండా వచ్చి 'వద్దు' అనే వేయండి. ఏమైనా అడగాలంటే సాయంత్రం ఏడు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ సెక్రటరీ
ప్లాట్ నంబర్ 41, రెండో లైను