బ్యాంకు శాఖ నుంచి బిజినెస్ స్కూలుకు: అధ్యాపక పదవికి నా పరిచయం

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు తరఫున ఇరవై ఏళ్లకు పైగా రుణాలు ఇచ్చాను, వసూలు చేశాను, కొందరికి ఇవ్వలేనని చెప్పి పంపాను. మూడింటిలో చివరిదే కష్టమైన పని. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ పూర్తి చేసి వ్యవసాయ క్షేత్రాధికారిగా ఉద్యోగంలో చేరాను. ఆ తరువాత టంగుటూరు, చీమకుర్తి, కందుకూరు శాఖలకు మేనేజరునయ్యాను. 2022లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. నాకు బదిలీ కాకుండానే నా శాఖకు జిల్లా బదిలీ అయిందన్నమాట. అక్కడి నుంచి నెల్లూరులో చిన్న పరిశ్రమల రుణ విభాగం చూశాను. ఉద్యోగంలో ఉండగానే బ్యాంకు ఉద్యోగుల వృత్తి పరీక్ష సీఏఐఐబీ పూర్తి చేశాను. ఇటీవలే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను.

మీ కళాశాలలో ఎంబీఏ రెండో ఏడాది విద్యార్థులకు ‘రుణ నిర్ణయం, గ్రామీణ ఆర్థిక సేవలు’ అనే కోర్సు చెప్పాలని నా కోరిక. నా దగ్గర ఉన్నదల్లా ఒక అలవాటు: లెక్కల కాగితం చూడగానే ఈ డబ్బు ఎప్పుడు వెళ్తుంది, ఎప్పుడు తిరిగి వస్తుంది అని అడగడం. ఎక్కువ రుణాలు చెడిపోయేది మోసం వల్ల కాదని, ఆ రెండు తేదీలు కుదరకపోవడం వల్లనని నా అనుభవం. కోర్సు మొత్తాన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిప్పాలనుకుంటున్నాను.

చీమకుర్తి ఉదాహరణే తీసుకుంటాను. బ్లాక్ గెలాక్సీ గ్రానైటు పాలిష్ చేసి ఎగుమతి చేసే చిన్న యూనిట్ ఒకటి ఏడాదికి నాలుగు కోట్ల అమ్మకాలు చేస్తోందనుకుందాం. చిన్న పరిశ్రమల రుణాలపై రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ పద్ధతి ప్రకారం వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారం నడపడానికి కావలసిన డబ్బు అవసరం అమ్మకాల్లో 25 శాతం, అంటే కోటి రూపాయలు. అందులో, అమ్మకాల్లో 20 శాతానికి సమానమైన 80 లక్షలు బ్యాంకు ఇస్తుంది, 20 లక్షలు యజమాని పెట్టుకుంటాడు. పుస్తకంలో లెక్క ఇంతటితో ముగుస్తుంది. అయితే ఆ 25 శాతం వెనుక, పెట్టిన డబ్బు మూడు నెలల్లో తిరిగి వస్తుందన్న ఊహ ఉంది. రాయి కొనాలి, కోయాలి, పాలిష్ చేయాలి, ఓడ ఎక్కించాలి, విదేశీ కొనుగోలుదారు డబ్బు పంపాలి. ఇదంతా ఆరు నెలలు పట్టే యూనిట్‌కు అవసరం రెండు కోట్లు. మిగిలిన కోటి ఎక్కడి నుంచి వస్తుంది? వడ్డీ వ్యాపారి దగ్గర నుంచి, లేదా రాయి సరఫరా చేసినవాడికి బాకీ పెట్టి. రెండేళ్ల తరువాత ఆ ఖాతా మొండి బకాయి అయితే, నిర్వహణ సరిగా లేదని ఫైలులో రాస్తారు. 20 శాతమన్నది కనీస పరిమితి. శాఖల్లో మాత్రం దాన్నే గరిష్ఠమన్నట్టు చూస్తారు. అవసరాన్ని వేరే పద్ధతుల్లో లెక్కగట్టి ఎక్కువ ఇచ్చే వీలుంది. దాన్ని ఎలా సమర్థించుకోవాలో, పై అధికారికి నోట్ ఎలా రాయాలో విద్యార్థుల చేత రాయిస్తాను. ఆ నోట్ రెండు పేజీలు దాటకూడదు. దాటితే నేను చదవను, పై అధికారులూ చదవరు.

రొయ్యల చెరువుల పాఠం వేరు. నెల్లూరు తీరంలో వనామీ రకం రొయ్యల సాగులో ఒక పంట సుమారు నాలుగు నెలలు. ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి పలుకుతుంది. తెల్లమచ్చ వైరస్ సోకితే రైతు ఉన్నపళంగా చెరువు పట్టేస్తాడు. చిన్న రొయ్య, పెద్ద కౌంటు, తక్కువ ధర. ఇలాంటివాడికి నెలవారీ వాయిదాలు పెట్టడం అమాయకత్వం. పైగా చెరువు చాలాసార్లు లీజుది, పట్టా ఇంకొకరిది. అందుకని బ్యాంకు వెనకాడుతుంది, మేత డీలరు అప్పుపై మేత ఇస్తాడు. ఆ అప్పుకు వడ్డీ అన్న పేరు ఉండదు, మేత ధరలోనే కలిసిపోతుంది. దాని అసలు వార్షిక వడ్డీ రేటు లెక్కగట్టడం విద్యార్థులకు నేనిచ్చే మొదటి ఇంటిపని. 

మొండి బకాయి అంటే గడువు మీరి 90 రోజులు దాటడమని విద్యార్థులు బట్టీ పట్టి వస్తారు. స్వల్పకాలిక పంట రుణానికి గడువు మీరాక రెండు పంట కాలాలు చూడాలన్న సంగతి చాలామందికి తెలియదు. టంగుటూరు పొగాకు రైతుకు డబ్బు కనపడేది పొగాకు బోర్డు వేలం కేంద్రంలో బేలు అమ్ముడయ్యాకే. ఆ క్యాలెండరు చూడకుండా తేదీలు పెడితే, నోటీసుల మీద నోటీసులు పంపుతూ కూర్చోవాలి.

ఇక ముందస్తు సంకేతాలు. నియమాలు బకాయి పడ్డాక 30, 60, 90 రోజులు లెక్కిస్తాయి. మేనేజరుకు అంతకు ముందే తెలియాలి. స్టాకు స్టేట్‌మెంటులో గత నెల అంకెలే మళ్లీ రావడం, కొనుగోలుదారుల నుంచి రావలసిన జమలకు బదులు నగదు జమలు పెరగడం, యంత్రాలు నిండుగా నడుస్తున్నాయని చెబుతూనే కరెంటు బిల్లు తగ్గిపోవడం. ఈ మూడింటిలో నేను ఎక్కువగా నమ్మేది కరెంటు బిల్లునే. తరగతిలో పేర్లు, ఊళ్లు, మొత్తాలు మార్చిన ఖాతా వివరాలిచ్చి, చివర ఏమైందో చెప్పకుండా, రుణం ఇవ్వాలా వద్దా అని తేల్చమంటాను. ఖాతాదారుల గోప్యత ఉద్యోగంతో ముగిసే బాధ్యత కాదు కనుక అసలు కాగితాలేవీ తరగతికి తీసుకురాను.

పొదుపు సంఘాల గురించి నెల్లూరు జిల్లాలో బయటివారు వచ్చి చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, దాని వెంటే వచ్చిన మహిళల పొదుపు ఈ నేల చరిత్ర. అప్పు తీర్చకపోతే పక్కింటి ఆమెకు ముఖం చూపించలేని స్థితి పూచీకత్తులా ఎలా పనిచేస్తుందో, అదే ఒక్కోసారి పేదరాలి మీద ఎంత ఒత్తిడి అవుతుందో రెండూ చెబుతాను. ఒకటే చెబితే ప్రచారం అవుతుంది.

బోధన నాకు పూర్తిగా కొత్త కాదు. బ్యాంకు శిక్షణ కళాశాలలో కొత్త అధికారులకు, గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో యువతకు అతిథిగా పాఠాలు చెప్పాను. రెండో చోట చెప్పడమే కష్టం. విసుగొస్తే వాళ్లు లేచి వెళ్లిపోతారు. నా తరగతిలో ప్రతి విద్యార్థీ ఒకసారైనా, అప్పు నిరాకరించిన కారణాన్ని ఎదుట కూర్చున్న రైతుకు తెలుగులో చెప్పి చూపాలి. ఇంగ్లిషులో బాగా రాసినవారు అక్కడ తడబడటం చూశాను.

నాకు పీహెచ్‌డీ లేదు, పరిశోధన పత్రాలు లేవు. డెరివేటివ్‌ల ధరల నిర్ణయం లాంటి అంశాలు నాకన్నా బాగా చెప్పేవారు మీ విభాగంలో ఉంటారు, వాటిలోకి నేను రాను. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పదవి కోసం యూజీసీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కనీసం 15 ఏళ్ల అనుభవం అడుగుతాయి, డిగ్రీల కోసం పట్టుబట్టవు. ఆ దారిలో నన్ను పరిశీలించవచ్చు. లేదా ముందు ఒక సెమిస్టరుకు అతిథి అధ్యాపకురాలిగా తీసుకుని చూడవచ్చు.

నివాసం నెల్లూరులోనే. వారంలో మూడు రోజులు తరగతులకు, ఒక రోజు విద్యార్థుల ప్రాజెక్టులకు కేటాయించగలను. ప్రాజెక్టులు మాత్రం కళాశాలలో కూర్చుని చేసేవి కావు: ఒంగోలు చుట్టుపక్కల వేలం కేంద్రానికో, గ్రానైటు యూనిట్‌కో, చెరువు గట్టుకో వెళ్లి రావాలి. బస్సు ఏర్పాటు కళాశాల చూసుకుంటే, యజమానులతో, రైతులతో మాట్లాడి అనుమతులు తెచ్చే పని నాది.