ఈరోజు, రేపు సెలవు కావాలి – జీతాల పని దీప్తికి అప్పగిస్తున్నాను

సర్, నమస్కారం.

ఒంట్లో బాగోలేక ఈరోజు, రేపు ఆఫీసుకు రాలేను. రాత్రి ఒంటిగంట దాటాక కుడిపక్క నడుములో ఉన్నట్టుండి నొప్పి మొదలై పొత్తికడుపు దాకా పాకింది. వాంతులు కూడా అవడంతో ఇంట్లోవాళ్లు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ చేసి, కిడ్నీ నుంచి కిందికి వచ్చే నాళంలో 4 మిల్లీమీటర్ల రాయి ఇరుక్కుందని చెప్పారు. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గాక తెల్లవారుజామున ఇంటికి పంపించారు. ఇంత చిన్న రాయి చాలామందికి ఆపరేషన్ లేకుండానే పడిపోతుందని డాక్టర్ ధైర్యం చెప్పారు. మీరు కంగారు పడకండి.

ప్రస్తుతానికి మంగళ, బుధవారాలకు సిక్ లీవ్ పెడుతున్నాను. గురువారం వచ్చేస్తాననే అనుకుంటున్నాను. కాకపోతే రాయి కదిలినప్పుడల్లా నొప్పి మళ్లీ రావచ్చట. జ్వరం వచ్చినా, మాత్రలకు నొప్పి లొంగకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వచ్చేయమన్నారు. అలా జరిగితే ఇంకో రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఏ సంగతైనా బుధవారం సాయంత్రం 5 గంటల లోపు మీకు చెప్తాను, మీరు అడిగేదాకా ఉండను. డాక్టర్ చీటీ ఫొటో లీవ్ దరఖాస్తుకు జత చేస్తున్నాను.

ఇంటి నుంచి పని చేస్తానని అనేవాడినే గానీ, మాత్రలకు బాగా మగతగా ఉంది. ఈ స్థితిలో జీతాల అంకెల మీద చెయ్యి పెట్టడం మంచిది కాదు. ఒక్క అంకె తారుమారైనా ఒకరి ఇంటి ఖర్చు ఆగిపోతుంది.

జీతాల ఫైలు రేపు మధ్యాహ్నం 2 గంటలకల్లా బ్యాంకు పోర్టల్‌లో ఎక్కాలి. చాలావరకు అయిపోయింది. నిన్న రాత్రి వరకు చేసింది షేర్డ్ డ్రైవ్‌లోని జీతాల ఫోల్డర్‌లో Payroll_Oct_v3.xlsx పేరుతో ఉంది. అందులో పాత v2 కూడా కనిపిస్తుంది, దాన్ని తెరవనక్కర్లేదు. హాజరు, సెలవుల కోతలు, అడ్వాన్సుల రికవరీ అన్నీ సరిచూశాను. గోడౌన్ నైట్ షిఫ్ట్ వాళ్ల ఓవర్‌టైమ్ ఒక్కటే ఇంకా రాలేదు. ఈ ఉదయం 11 లోపు పంపుతామని సూపర్‌వైజర్ నిన్న మాటిచ్చారు. రాకపోతే దీప్తి ఫోన్ చేయాలి, మెయిల్ పెట్టి ఊరుకుంటే ఆయన చూడరు.

ఇంకొకటి జాగ్రత్తగా చూడాలి. ఈ నెల చేరిన ముగ్గురిలో ఒకరి ఖాతా నంబరు సున్నాతో మొదలవుతుంది (47వ వరుస). ఆ గడిని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాను. బ్యాంకు కోసం ఫైలును .csv గా సేవ్ చేసి మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. దాన్ని అలాగే సేవ్ చేసేస్తే ఆ జీతం వెనక్కి వస్తుంది. కాబట్టి .csv ని నోట్‌ప్యాడ్‌లోనే తెరిచి చూసుకోమని దీప్తికి చెప్పండి, నేనూ మెసేజ్ పెట్టాను. ఎక్కించే ముందు మొత్తం సొమ్ము, మనుషుల లెక్క Summary షీట్‌తో సరిపోయాయో లేదో చూస్తే చాలు.

మీరు చేయాల్సింది ఒకటుంది సర్. పోర్టల్‌లో ఎంట్రీ చేసే హక్కు ఇప్పుడు నాకే ఉంది, ఆమోదం మీది. నా లాగిన్ ఇంకొకరు వాడటం సరికాదు కాబట్టి దీప్తికి ఈరోజే మేకర్ యాక్సెస్ ఇప్పించండి. అడ్మిన్ వాళ్లకు మీ మెయిల్ వెళ్తే అదే రోజు ఇస్తారు. పోయిన నెల దీప్తి నా పక్కనే కూర్చుని మొత్తం చూసింది. తను చేయగలదన్న నమ్మకం నాకుంది. అయినా మొదటిసారి ఒంటరిగా చేస్తోంది గనుక, ఆమోదించే ముందు ఒక పది నిమిషాలు తనతో కూర్చుంటే తనకు టెన్షన్ ఉండదు.

ఈరోజు 3 గంటలకు ఆడిటర్లతో ఉన్న మీటింగును వచ్చే సోమవారానికి మార్చమని వాళ్లకు రాశాను, మీకూ కాపీ వచ్చి ఉంటుంది. సిబ్బంది రీయింబర్స్‌మెంట్ బిల్లులు నేను వచ్చాక చూస్తాను, వాటికి తొందర లేదు.

మందు వేసుకుని ఇప్పుడు పడుకుంటున్నాను. మధ్యాహ్నం 12 తర్వాత ఫోన్ దగ్గరే ఉంటాను. జీతాల విషయంలో ఏదైనా ఆగిపోతే మొహమాటపడకుండా కాల్ చేయమని దీప్తికి చెప్పాను, మీరు కూడా చేయండి సర్. మెయిల్స్ మాత్రం చూడలేకపోవచ్చు. యాక్సెస్ సంగతి ఓకే అయితే ఒక్క మాట మెసేజ్ పెట్టండి.

ఇట్లు,
కిరణ్