బీమా క్లెయిమ్ ఫారంతో జతచేసిన ప్రమాద స్థల స్కెచ్‌కు వివరణ

ఫారంలో స్కెచ్ కోసం వదిలిన గడి అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. మూడు వాహనాలు, రెండు ఢీలు అందులో పట్టవు కాబట్టి తెల్లకాగితంపై గీసి జతచేశాం. గడిలో ‘విడి కాగితం చూడండి’ అని రాసి సంతకం పెట్టించాం. ఈ బొమ్మ స్కేలుకు గీసింది కాదు. గీతల పొడవు చూసి దూరాలు లెక్కగట్టవద్దు, పక్కన రాసిన అంకెలే లెక్క. అవి మర్నాడు ఉదయం టేపుతో కొలిచినవి. వాహనాలు ఆగిన చోట్లను మాత్రం ఆ రాత్రే, వాటిని కదిలించక ముందే, సున్నంతో గుర్తు పెట్టి ఫోటోలు తీశారు.

స్థలం 65వ నంబరు జాతీయ రహదారి, సూర్యాపేట–కోదాడ మధ్య, డివైడర్‌కు ఖాళీ వదిలిన చోటు. సమయం 2024 అక్టోబరు 18, శుక్రవారం, సాయంత్రం 6.40. చీకటి పడింది, రోడ్డు పొడిగా ఉంది. డివైడర్ ఖాళీ దగ్గర ఉన్న రెండు దీప స్తంభాల్లో పడమటిది వెలగడం లేదు. స్కెచ్‌లో నల్లగా నింపిన చుక్క అదే.

ముందు కాగితాన్ని సరిగ్గా పట్టుకోవాలి. పై అంచు ఉత్తరం. ఎడమ వైపు హైదరాబాద్, కుడి వైపు విజయవాడ. మధ్యలో గళ్ల గళ్లుగా నింపిన పట్టీ డివైడర్, అది తెగిపోయినట్టున్న చోటు ఖాళీ. పట్టీకి పైన ఉన్నది విజయవాడ వైపు వెళ్లే దారి, కింద ఉన్నది హైదరాబాద్ వైపు వచ్చే దారి. ప్రమాదమంతా పై దారిలోనే జరిగింది. పై దారిలో రెండు లేన్లు, ఒక్కొక్కటి 3.5 మీటర్లు. ఉత్తరపు మార్జిన్ పక్కది 1, డివైడర్ పక్కది 2. బండి నడిపేవారి ఎడమ నుంచి లెక్కపెట్టాం, ఎందుకంటే ‘మొదటి లేన్’ అంటే కొందరు డివైడర్ పక్కది అనుకుంటారు. మార్జిన్ 1.5 మీటర్లు.

కొలతలన్నీ ‘మూల’ అని రాసిన చోటు నుంచి. అది ఖాళీకి పడమటి వైపు డివైడర్ ముగిసే సిమెంటు కొన. రేపు ఎవరు వెళ్లి చూసినా అది అక్కడే ఉంటుంది. చెట్టునో పాన్ డబ్బానో మూలగా పెట్టుకుంటే వచ్చే నెలకు అది ఉండకపోవచ్చు.

వాహనాలు మూడు. ‘ఎ’ క్లెయిమ్ చేస్తున్న కారు, ‘బి’ నిమ్మకాయల పెట్టెలతో ఉన్న మూడు చక్రాల ట్రాలీ ఆటో, ‘సి’ కారు వెనక వస్తున్న మోటారు సైకిల్. ప్రతి పెట్టెలోనూ మొన ఉన్న వైపే బండి ముందు భాగం. అక్షరం పక్కనున్న అంకె క్షణాన్ని చెబుతుంది: 1 ఢీకి ముందు, 2 ఢీ జరిగినప్పుడు, 3 ఆగిపోయాక. గట్టి గీత బాణం డ్రైవర్ ఎంచుకున్న దారి. తెగిన గీత బాణం ఢీ తర్వాత బండి తోసుకుపోయిన దారి. ఈ రెండింటినీ ఒకే గీతతో గీస్తే, ఆటో తానుగా మార్జిన్‌లోకి వెళ్లిందని చదివే ప్రమాదం ఉంది.

ఎ1: కారు 2వ లేన్‌లో, ముందు బంపర్ మూలకు పడమరగా 30 మీటర్లు. ఇది కొలిచింది కాదు, ఆటో మలుపు తిరగడం అక్కడే చూశానని డ్రైవర్ చెప్పిన చోటు. అందుకే పెట్టె చుట్టూ చుక్కల గీత. వేగం 60 కిలోమీటర్లని ఆయన వాంగ్మూలం. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. టైరు గీతలు మొదలైన చోటుకు అక్కడి నుంచి ముందు చక్రాలు 24 మీటర్లు దొర్లాలి, అంటే సుమారు సెకనున్నర. చూసి, కాలు బ్రేకు మీదకు తెచ్చి తొక్కడానికి అంత పట్టడం సహజమే కాబట్టి మాటకూ కొలతకూ పొంతన ఉంది.

టైరు గీతలు రెండు సన్నని సమాంతర రేఖలు, పొడవు 9 మీటర్లు. కారుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకు ఉంది కనుక అవి పలచగా ఉన్నాయి, ఫోటో 3లో పక్క వెలుతురులో కనిపిస్తాయి. అవి మూలకు తూర్పుగా 2.2 మీటర్ల దగ్గర ఆగాయి. ఢీ గుర్తు మాత్రం 3 మీటర్ల దగ్గర ఉంది. ఇది తప్పు కాదు: గీత పడేది చక్రం కింద, తగిలేది బంపర్. ఈ కారులో ఆ రెంటి మధ్య దూరం 80 సెంటీమీటర్లు.

‘గుణకారం 1’ అన్న గుర్తు మొదటి ఢీ చోటు. మూలకు తూర్పుగా 3 మీటర్లు, డివైడర్ అంచుకు ఉత్తరంగా 2.4 మీటర్లు. అంటే లేన్ గీత దాటి 2వ లేన్‌లోకి 1.1 మీటర్లు లోపల. దీన్ని పగిలిన గాజును బట్టి పెట్టలేదు, గాజు ముందుకు ఎగిరి మూడు నాలుగు మీటర్ల దూరం చిమ్మింది. మడ్‌గార్డుల లోపల గడ్డకట్టిన మట్టి ఢీ అదురుకు దాదాపు ఉన్నచోటే రాలుతుంది. ఆ మట్టి కుప్పే ఆధారం.

ఆటో బాణం 1వ లేన్ నుంచి కుడికి వంగి, ఏటవాలుగా, ఆగ్నేయం వైపు చూస్తూ ఢీ గుర్తును చేరుతుంది. కారు ఎడమ హెడ్‌లైటు మూల ఆటో క్యాబిన్ కుడి పక్కను తాకింది. ఇక్కడ ఎడమ, కుడి అంటే బండిలో కూర్చున్నవారి ఎడమ, కుడి. కాగితానివి కావు. ఫారంలో ‘దెబ్బతిన్న భాగం’ దగ్గర కూడా అదే పద్ధతిలో రాశాం. తాను ముందే ఖాళీలోకి చేరి ఆగి ఉన్నానని ఆటో డ్రైవర్ అంటున్నారు. అలా ఆగి ఉంటే మట్టి డివైడర్ ఖాళీలో రాలాలి. కారు నేరుగా వచ్చిందని టైరు గీతలు చెబుతున్నాయి, అది ఖాళీలోకి దూరిన జాడ లేదు.

ఢీ తర్వాత ఆటో ముందు భాగం తూర్పుకు తోసుకుపోయి, బండి ఎడమకు తిరిగి ఎడమ పక్కకు పడిపోయింది. బి3 పెట్టెలోని అడ్డగీతలకు అర్థం బోల్తా. దాని చోటు మూలకు తూర్పుగా 11 మీటర్లు, మార్జిన్ మీద, ముందు భాగం ఈశాన్యానికి. చుట్టూ ఉన్న చిన్న సున్నాలు నిమ్మకాయలు. కారు మరో ఐదున్నర మీటర్లు వెళ్లి, ముక్కు కొద్దిగా ఎడమకు తిరిగి, 2వ లేన్‌లోనే ఆగింది.

‘గుణకారం 2’ను వేరుగా చూడాలి. ఆగిన కారు వెనక బంపర్ కుడి మూలను మోటారు సైకిల్ తగిలింది, మూలకు తూర్పుగా 4.5 మీటర్ల దగ్గర. ముందు, వెనక రెండు చోట్లా దెబ్బలుంటే వెనకది పాతదేమోనని సర్వేయర్ అడగడం మామూలే. ఇది అదే ప్రమాదంలో, క్షణాల తేడాతో తగిలిన దెబ్బ. బంపర్‌పై అంటిన ఎర్ర రంగు, మోటారు సైకిల్ ముందు మడ్‌గార్డు రంగు ఫోటో 7లో పక్కపక్కనే ఉన్నాయి. బైకు డివైడర్ ఖాళీలోకి జారి పడింది, నడిపిన వ్యక్తి మోచేతికి గాయం. పోలీసు ఫిర్యాదు నకలు జతచేశాం.

స్కెచ్‌లో ‘తప్పు వీరిది’ అని ఎక్కడా రాయలేదు, ఆ మాట ఫారంలోని వివరాల గడికి చెందింది. ఒక కొట్టివేత మాత్రం ఉంది: మొదట ఆటో బాణం మార్జిన్ నుంచి మొదలైనట్టు గీశారు, కారు డ్రైవర్ 1వ లేన్ నుంచేనని సరిదిద్దారు. పాత గీత చెరపకుండా ఒక్క అడ్డగీతతో కొట్టి, పక్కన పొడి సంతకం, తేదీ వేయించాం.