‘పరివారంబును జీరఁడు’: ఇక్కడ ‘చీరు’ అంటే ఏమిటి?

పోతన భాగవతం అష్టమ స్కంధం, గజేంద్రమోక్షం. మొర విన్న విష్ణువు ఎంత హడావుడిగా బయల్దేరాడో చెప్పే మత్తేభం ఇలా మొదలవుతుంది:

సిరికిం జెప్పఁడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ, డే
పరివారంబును జీరఁ, డభ్రగపతిం బన్నింపఁ...

పద్యం చాలామందికి నోటికి వచ్చు. అర్థం అడిగితే మాత్రం ‘జీరఁడు’ దగ్గర ఆగిపోతారు. నిఘంటువులో ‘జీర’ వెతికితే గొంతు జీర కనిపిస్తుంది, లేదా కుచ్చెళ్లు నేల జీరాడడం. కిందనే లక్ష్మీదేవి పైటకొంగు మాట కూడా ఉంది కనుక రెండోది నమ్మబుద్ధేస్తుంది. రెండూ కావు.

వెతకాల్సింది ‘చీరు’. ‘పరివారంబునున్’ చివర ద్రుతం (న్) ఉంది. ద్రుతం తర్వాత వచ్చే క చ ట త ప లు గ జ డ ద బ లవుతాయి. అదే సరళాదేశ సంధి. ఆ ద్రుతం ఇక్కడ అరసున్నగా మారడమో లోపించడమో జరుగుతుంది. ఇప్పటి ముద్రణల్లో అరసున్నలు ఎత్తేయడంతో ‘జ’ ఎందుకొచ్చిందో చెప్పే ఆనవాలే పోయింది. ఈ రెండు పాదాల్లోనే చెప్పఁడు ‘జెప్పఁడు’, చేదోయి ‘జేదోయి’, పన్నింపఁడు ‘బన్నింపఁడు’ అయ్యాయి. కాబట్టి పద్యంలో గ జ డ ద బ లతో మొదలయ్యే తెలుగు మాట అంతుబట్టకపోతే ముందు క చ ట త ప లతో చూడండి.

చీరు అంటే పిలుచు. చీరి = పిలిచి, చీరఁడు = పిలవడు. ఇప్పుడు మనకు మిగిలిన ‘చీరు’ వేరు: గోళ్లతో చీరడం, ముల్లు చీరుకోవడం. ఆ అర్థం పట్టుకుంటే విష్ణువు పరివారాన్ని చీల్చిపారేయలేదన్న వింత తాత్పర్యం తేలుతుంది! ఏ అర్థమో తేల్చేది కర్మపదమే.

విడదీయడంలో ఇంకో చిక్కుంది. ‘జీరడభ్రగపతిం’ అని కలిపి అచ్చేస్తే ‘డభ్ర’ అనే మాటేదో ఉన్నట్టు కనిపిస్తుంది. అది చీరఁడు + అభ్రగపతిన్, ఉత్వసంధి. అభ్రగం ఆకాశంలో తిరిగేది, అంటే పక్షి, అభ్రగపతి గరుత్మంతుడు. పన్నించు అంటే వాహనాన్ని ప్రయాణానికి సిద్ధం చేయించు.

మొత్తం కలిపితే: లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలను రెండు చేతులా పట్టడు, ఏ పరివారాన్నీ పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. ‘ఏ’ మొదటి పాదం చివర ఉన్నా అర్థంలో పరివారానిదే. ‘సంధింపఁడే’ అని సాగదీసి చదివితే ప్రశ్నలా వినిపిస్తుంది. ఇక పిలవకపోయినా పరివారం ఆగలేదు: తర్వాత వచ్చే ‘తన వెంటన్ సిరి’ పద్యంలో లక్ష్మి, అంతఃపురం, గరుడుడు, ఆయుధాలు, నారదుడు, సేనాపతి అందరూ వెంటపడతారు.