మా బడి పిల్లలకు పుస్తకాలు కావాలి

మా ఊరి బడిలో లైబ్రరీ అంటే ఒక్క చెక్క బీరువా. అందులోవన్నీ పిల్లలు ఎప్పుడో చదివేశారు. నాలుగో తరగతి చదివే ఒక పాప కొత్తది లేక అదే కథల పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ తీసుకెళ్తోంది. చూస్తుంటే మనసు ఉండబట్టడం లేదు.

మీరిచ్చే డబ్బులో 70 శాతం పుస్తకాలకే. 20 శాతం చెదలు పట్టని ఇనుప ర్యాకులకు, మిగతాది రవాణాకు, అట్టలకు. జీతాలకు పైసా వాడం, లైబ్రరీని టీచర్లే చూసుకుంటారు. తక్కువ వస్తే ర్యాకులు ఆపి పుస్తకాలే కొంటాం. కంప్యూటర్లు మాత్రం ఇప్పట్లో కొనలేం, ముందే చెబుతున్నాం. ప్రతి బిల్లూ నోటీసు బోర్డు మీద పెడతాం, అడిగినవాళ్ళకు ఫొటో పంపుతాం.

ఎంత చిన్న మొత్తమైనా ఇవ్వండి. మీ పిల్లలు చదివేసిన పుస్తకాలు చిరగకుండా ఉంటే అవీ పంపండి.