నిర్ణయ సమావేశం: డేటాబేస్ అప్‌గ్రేడ్ మార్చి 21 రాత్రి చేయాలా, ఏ పద్ధతిలో?

తేదీ, సమయం: 2026 మార్చి 12, గురువారం, ఉదయం 10:30 నుంచి 11:30 వరకు
స్థలం: మూడో అంతస్తు సమావేశ గది, దూరంగా ఉన్నవారు ఆన్‌లైన్‌లో
తప్పనిసరిగా రావలసినవారు: ఐటీ విభాగాధిపతి, డేటాబేస్ అడ్మిన్‌లు, బిల్లింగ్ మేనేజర్, కస్టమర్ సపోర్ట్ లీడ్
వీలుంటే రావలసినవారు: రిపోర్టుల బృందం, అంతర్గత ఆడిట్

అందరికీ నమస్కారం.

ఎందుకు కలుస్తున్నాం

బిల్లింగ్, కస్టమర్ ఖాతాలు ఇప్పటికీ పోస్ట్‌గ్రెస్ 13 మీదే నడుస్తున్నాయి. ఆ వెర్షన్‌కు సపోర్ట్ 2025 నవంబరులోనే ముగిసింది. ఇక అందులో ఏ భద్రతా లోపం బయటపడినా ప్యాచ్ రాదు. 17కి మారాలని ఇదివరకే అనుకున్నాం, దాని మీద మళ్లీ చర్చ వద్దు. తేలాల్సింది పద్ధతి.

గత వారం టెస్ట్ సర్వర్ మీద రెండు పద్ధతులూ నడిపి చూశాం. ఫైళ్లన్నీ కాపీ చేసే పద్ధతికి 5 గంటల 10 నిమిషాలు పట్టింది. `pg_upgrade --link` 12 నిమిషాల్లో ముగిసింది. ఏ పద్ధతైనా ఆ తర్వాత గణాంకాలు మళ్లీ సేకరించడానికి 55 నిమిషాలు, సపోర్ట్ వారి తనిఖీకి ఒక గంట కావాలి.

లింక్ పద్ధతి వేగం చూసి వెంటనే సరే అనకండి. కొత్త సర్వర్ ఒక్కసారి స్టార్ట్ అయిందంటే పాతదాన్ని మళ్లీ వాడుకోలేం. వెనక్కి రావాలంటే బ్యాకప్ నుంచి రిస్టోర్ చేయడమే దారి. దానికి 3 గంటల 20 నిమిషాలు పట్టింది. రాత్రి 10కి మొదలుపెట్టి ఉదయం 4కల్లా సిస్టమ్ తెరవాలంటే, వెనక్కి వెళ్లాలో వద్దో రాత్రి 12:40లోపు తేల్చుకోవాలి. తనిఖీ ముగిసేది సుమారు 12:07కి. అంటే చేతిలో మిగిలేది అరగంట.

కాపీ పద్ధతిలో పాత సర్వర్ చెక్కుచెదరకుండా ఉంటుంది, మనసు నిబ్బరంగా ఉంటుంది. కానీ పని ముగిసేసరికి ఉదయం 5:05 అవుతుంది. బిల్లింగ్ బ్యాచ్ సరిగ్గా 5 గంటలకే మొదలవుతుంది. అందుకే బిల్లింగ్ మేనేజర్ లేకుండా ఈ నిర్ణయం తీసుకోలేం.

సమావేశం ముగిసేసరికి తేలాల్సినవి

కాపీయా, లింకా; మార్చి 21 ఖాయమా, వాయిదానా; ఆ రాత్రి వెనక్కి వెళ్దాం అని చెప్పే అధికారం ఎవరిది. ఈ మూడో ప్రశ్నకు ఒక్కరి పేరే రావాలి. అర్ధరాత్రి పూట నలుగురిని ఫోన్లో పట్టుకుని ఏకాభిప్రాయం కోసం చూసేంత వ్యవధి ఉండదు.

రాకముందు చేయవలసినవి (మార్చి 11, బుధవారం మధ్యాహ్నం 12లోపు)

బిల్లింగ్: ఆ ఆదివారం ఒక్కరోజు బ్యాచ్‌ను 7 గంటలకు జరపగలరా? అవునో కాదో, కాదంటే కారణమేమిటో ఈ ఆహ్వానానికి రిప్లైగా రాయండి.

డేటాబేస్ అడ్మిన్‌లు: కింది చెక్ అసలు సర్వర్ మీద నడిపి, వచ్చిన ఫలితాన్ని యథాతథంగా జతచేయండి. ఇది డేటాను మార్చదు.

```
/usr/pgsql-17/bin/pg_upgrade --check \
  -b /usr/pgsql-13/bin -B /usr/pgsql-17/bin \
  -d /data/pg13 -D /data/pg17
```

మనం వాడే ఎక్స్‌టెన్షన్లన్నీ 17లో ఇన్‌స్టాల్ అయి ఉన్నాయో లేదో కూడా చూడండి. కాపీ పద్ధతికి డేటా ఎంత ఉంటే అంత డిస్క్ స్థలం అదనంగా కావాలి. ఆ అంకె కూడా తేవాలి.

సపోర్ట్: తనిఖీ జాబితాను తప్పనిసరి, తర్వాత చూసుకోవచ్చు అని రెండుగా విడదీయండి. గంటలో పది నిమిషాలు తగ్గించగలిగినా మనకు చాలా మేలు.

మిగతావారు జతచేసిన రెండు పేజీల టెస్ట్ రిపోర్టు చదివి వస్తే చాలు. సమావేశంలో దాన్ని చదివి వినిపించం. నేరుగా పద్ధతి ఎంపికతో మొదలుపెడతాం. చివరి పది నిమిషాలు నిర్ణయాలు రాసుకోవడానికే.

చేరడం ఎలా

ఆన్‌లైన్‌లో వచ్చేవారు ఈ ఆహ్వానంలోని ‘చేరండి’ బటన్ నొక్కండి. మీటింగ్ ఐడీ 482 615 0937, పాస్‌కోడ్ 730214. లింక్ 10:20కే తెరిచి ఉంటుంది; మైక్ అప్పుడే సరిచూసుకోండి. చేరడంలో ఇబ్బంది వస్తే ఎక్స్‌టెన్షన్ 214కు ఫోన్ చేయండి. రికార్డింగ్ ఉండదు. నిర్ణయాలు అదే రోజు సాయంత్రం 5లోపు మెయిల్‌లో పంపిస్తాను.

తప్పనిసరి జాబితాలో ఉండి రాలేనివారు, మీ తరఫున నిర్ణయం చెప్పగలిగిన వ్యక్తిని పంపి, వారి పేరు మార్చి 10 సాయంత్రంలోగా తెలియజేయండి. బిల్లింగ్ నుంచి గానీ, డేటాబేస్ అడ్మిన్‌ల నుంచి గానీ ఎవరూ లేకపోతే సమావేశాన్ని మార్చి 13, అదే సమయానికి మారుస్తాను.

ఐటీ ఆపరేషన్స్ మేనేజర్