జులై 2025 గ్రాంట్ వినియోగ నివేదిక: ముగ్గురు దాతలకూ ఒకే లెక్క

నమస్తే అండి,

గుంటూరులో మేం నడిపే మూడు సాయంత్రం చదువు కేంద్రాల జులై లెక్క ఇది. జూన్ దాకా మీ ముగ్గురికీ మూడు రకాల ఫార్మాట్లలో విడివిడిగా పంపేవాళ్ళం. మీ ముగ్గురూ సరేనన్నారు కాబట్టి ఈ నెల నుంచి అందరికీ ఇదే కాగితం వస్తుంది, వచ్చే నెలల్లో అంకెలూ కారణాలూ మారతాయి గానీ వరుస ఇదే. ఒకరికి పంపిన లెక్క ఇంకొకరు చూడనప్పుడు ఒకే అద్దె బిల్లు ఇద్దరి ఖాతాలోనూ రాసేయడం ఏ సంస్థకైనా చిటికెలో పని, ఎవరికీ అనుమానం కూడా రాదు. అందరి లెక్కా అందరి ముందూ పెడితే ఆ దారి మూసుకుపోతుంది. నివేదిక ప్రతి నెలా 7వ తారీఖులోపు మీకు చేరుతుంది.

ముందుగా చెప్పాల్సినవి

ఏటుకూరు రోడ్డు కేంద్రంలో ఒక టీచరమ్మ జులై 15న మానేశారు, బీఈడీలో సీటు వచ్చింది. ఇంకా ఎవరూ దొరకలేదు. మిగతా ఇద్దరూ క్లాసులు సర్దుకుంటున్నారు, ఆ గౌరవ వేతనంలో మిగిలిన 3,500 రూపాయలు అలాగే ఉన్నాయి.

వానలకు రెండు రోజులు కేంద్రాలు తెరవలేదు. నెలలో ఆదివారాలు పోను 27 రోజులుంటే 25 రోజులు నడిచాయి.

కంపెనీ వారిని ఒక అనుమతి అడగాలి, అది చివర్లో ఉంది. డబ్బు ఇంకా ముట్టుకోలేదు.

గ్రాంట్ 1: కంపెనీ సీఎస్ఆర్ నిధి

ఏడాదికి ఒప్పుకున్నది 9,00,000. ఏప్రిల్‌లో మొదటి విడతగా వచ్చింది 4,50,000. అన్నీ రూపాయల్లో.

| పద్దు | ఏడాది బడ్జెట్ | జులై ఖర్చు | ఏప్రిల్–జులై | బడ్జెట్‌లో మిగిలింది |
|---|---|---|---|---|
| టీచర్ల గౌరవ వేతనం | 4,83,000 | 38,500 | 1,43,500 | 3,39,500 |
| అద్దె, కరెంటు | 1,80,000 | 15,340 | 60,550 | 1,19,450 |
| పుస్తకాలు, సామగ్రి | 1,32,000 | 11,260 | 59,560 | 72,440 |
| ప్రయాణం, ఫోను | 24,000 | 1,870 | 7,290 | 16,710 |
| ఆఫీసు, అకౌంట్లు, ఆడిట్ | 81,000 | 5,000 | 20,000 | 61,000 |
| మొత్తం | 9,00,000 | 71,970 | 2,90,900 | 6,09,100 |

చివరి గడిని చూసి మా దగ్గర ఆరు లక్షలున్నాయని అనుకోవద్దు, అది ఇంకా ఖర్చు చేయాల్సిన బడ్జెట్ మాత్రమే. చేతికి వచ్చిన 4,50,000లో ఖర్చు పోను నిజంగా ఉన్నది 1,59,100. నెలకు డెబ్బై వేల పైచిలుకు ఖర్చవుతోంది కాబట్టి ఇది సెప్టెంబరు దాకా వస్తుంది, అక్టోబరు మొదటి వారానికి రెండో విడత అందితే టీచర్లకు ఇబ్బంది ఉండదు.

నాలుగు నెలలు గడిచాయంటే లెక్కప్రకారం మూడో వంతు ఖర్చవ్వాలి, మొత్తం మీద 32 శాతం అయింది. ఏ పద్దులోనైనా ఈ మూడో వంతుకు పది శాతం పాయింట్లు మించి తేడా వస్తే కారణం రాయాలన్నది మేం పెట్టుకున్న నియమం. ఈ నెల అలా వచ్చింది పుస్తకాలది, ఇప్పటికే 45 శాతం దాటింది. బడులు తెరిచేటప్పుడే నోటు పుస్తకాలు, పలకలు, బోర్డులు అన్నీ కొనేశాం, దసరా దాకా ఈ పద్దులో పెద్ద ఖర్చేమీ లేదు. ఆఫీసు పద్దు 25 శాతం దగ్గరే ఆగడానికి పెద్ద కథేం లేదు, ఆడిటర్ ఫీజు ఏడాది చివర్లో కడతాం.

ఏడాది ముగిశాక సీఎస్ఆర్ డబ్బు సరిగా వాడారని కంపెనీ సీఎఫ్‌వో ధ్రువీకరించాలి కదా, ఆ సంతకానికి కావాల్సిన కాగితాలు మార్చిలో వెతుక్కోకుండా ఈ పట్టికకు ఆధారమైన వోచర్ల స్కాన్‌లు నెలనెలా ఒకే పీడీఎఫ్‌గా పంపుతున్నాం. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసిన వినియోగ పత్రం మాత్రం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఈ నెలవారీది మా సంతకంతోనే.

గ్రాంట్ 2: మిర్చి వ్యాపారుల సాయం, పిల్లల సాయంత్రం తిండికి

ఇప్పటిదాకా వచ్చింది 1,00,000. ఏప్రిల్‌లో 21,600, జూన్‌లో 13,200, జులైలో 22,400 కలిపి 57,200 ఖర్చయింది (మేలో కేంద్రాలకు సెలవులు), నిల్వ 42,800. జులైలో 2,800 ప్లేట్లు, ప్లేటుకు 8 రూపాయలు. వారంలో ఐదు రోజులు శనగలో బొబ్బర్లో ఉడికించి పెడతారు, శనివారం అరటిపండు. వండేది డ్వాక్రా సంఘం వాళ్ళు, డబ్బు సంఘం ఖాతాకే వెళ్తుంది. శనగలు పట్నం బజారులో కొంటే ఇచ్చేది తెల్లకాగితం మీద రాసిన చీటీయే, దాన్ని బిల్లని మేం చూపించడం లేదు. సంఘం ఇచ్చిన రసీదు, ఆ రోజు హాజరు పట్టీ రెండూ జతచేస్తున్నాం. ప్లేట్ల సంఖ్య హాజరుతో సరిపోవాలి, ఈ నెల సరిపోయింది.

గ్రాంట్ 3: అమెరికాలో ఉంటున్న దంపతుల విరాళం, టెన్త్ పిల్లలకు

మేలో మొత్తం ఒకేసారి వచ్చింది, 1,20,000. జూన్‌లో నోటు పుస్తకాలకు 4,600, జులైలో 23 మందికి తలకు 800 చొప్పున స్టడీ మెటీరియల్‌కు 18,400. ఖర్చు 23,000, నిల్వ 97,000. మిగిలింది పరీక్ష ఫీజులకు, బస్ పాసులకు, డిసెంబరు నుంచి పెట్టే స్పెషల్ క్లాసులకు.

ఈ దంపతులు తమ స్నేహితులు కూడా పంపుతామంటున్నారని రాశారు. చాలా సంతోషం, కానీ ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే మేం తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా కావాలి. మాకు ఆ రెండూ లేవు. అందుకే పంపేముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగడం తప్పడం లేదు, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

బ్యాంకు పుస్తకంతో పోలిక

మూడు గ్రాంట్ల నిల్వలు కలిపితే 2,98,900. జూన్ చివర్లో పడిన వడ్డీ 2,316, దీన్ని ఎవరి పద్దులోనూ కలపకుండా విడిగా ఉంచాం, ఏం చేయాలో మీరు ముగ్గురూ చెప్పండి. సంస్థ సొంత డబ్బు 18,750. అంతా కలిపి 3,19,966. ఇందులో చేతి నగదు 1,240. మానేసిన టీచరమ్మ తనకిచ్చిన అర నెల చెక్కు 3,500 ఇంకా బ్యాంకులో వేసుకోలేదు. కాబట్టి జులై 31న పాస్‌బుక్‌లో 3,22,226 ఉండాలి, ఉంది. ఆ పేజీ ఫొటో జతచేశాం. ఈ నివేదికలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి, మిగతా పట్టికలు ఎంత అందంగా ఉన్నా ఇక్కడ రూపాయి తేడా వస్తే మమ్మల్ని నిలదీయాల్సిందే.

బిల్లుల మీద స్టాంపు

ప్రతి బిల్లు మీదా ఏ గ్రాంట్ నుంచి కట్టామో రబ్బరు స్టాంపు వేస్తున్నాం: కంపెనీకి నీలం, వ్యాపారులకు ఆకుపచ్చ, దంపతులకు ఎరుపు. జిరాక్సులో రంగులు పోతాయి కాబట్టి స్టాంపు మధ్యలో 1, 2, 3 అంకెలు చెక్కించాం. స్టాంపు పడ్డ బిల్లు ఇంకో ఫైలులోకి వెళ్ళదు. రెండు గ్రాంట్లకు కలిపి ఒకే బిల్లు వస్తే ఏం చేస్తారని వ్యాపారుల తరఫున అడిగారు. ఈ నెలే అలాంటిది ఒకటి వచ్చింది, బ్రాడీపేటలో పుస్తకాల కొట్టు బిల్లు 29,660. దాని మీద రెండు స్టాంపులున్నాయి, నీలం పక్కన 11,260 అని, ఎరుపు పక్కన 18,400 అని పెన్నుతో రాసి, కార్యదర్శీ నేనూ ఇద్దరం సంతకం చేశాం. చెక్కుతోనే కట్టాం. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో సంస్థ ఖర్చుగా ఒప్పుకోరు, కొట్టువాళ్ళు క్యాష్ ఇస్తే ఇంకాస్త తగ్గిస్తామన్నా అందుకే వద్దన్నాం.

పిల్లల సంగతి

| కేంద్రం | పేరు రాసుకున్నవారు | జులై సగటు హాజరు |
|---|---|---|
| నల్లచెరువు | 52 | 41 |
| ఏటుకూరు రోడ్డు | 56 | 46 |
| లాలాపేట | 32 | 25 |
| మొత్తం | 140 | 112 |

నల్లచెరువులో రోజుకు పదకొండు మంది రావడం లేదు. వాళ్ళెవరో టీచర్లకు తెలుసు, ఎక్కువమంది ఏడు, ఎనిమిది చదివే ఆడపిల్లలు. యార్డు వేసవి సెలవులయ్యాక కోల్డ్ స్టోరేజీల్లోని మిర్చి బయటికి తీస్తున్నారు, తల్లులు తొడిమలు తీసే పనికి పోతుంటే చిన్నపిల్లల్ని చూసుకోవడానికి వీళ్ళు ఇంట్లో ఉండిపోతున్నారు, కొందరు తల్లుల వెంటే పోతున్నారు. ఒకమ్మాయి తమ్ముణ్ణి చంకనేసుకుని క్లాసుకు వచ్చింది, వాడు సుద్దముక్కలు నోట్లో పెట్టుకుంటుంటే లాక్కుంటూనే లెక్కలు చేసింది. ఆ రోజు నుంచి నల్లచెరువులో చిన్నపిల్లలతో వచ్చినా లోపలికి రానిస్తున్నాం, వాళ్ళకోసం ఓ చాప వేశాం. దీనికి ఖర్చేమీ రాయలేదు. ఆగస్టు హాజరులో తేడా కనబడితే చెబుతాం, కనబడకపోయినా చెబుతాం.

పిల్లల పేర్లు, ముఖాలు కనిపించే ఫొటోలు నివేదికలో ఉండవు. చూడాలనుంటే సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది లోపు ఏ కేంద్రానికైనా రండి, చెప్పకుండా వచ్చినా ఫర్వాలేదు.

అనుమతి, తర్వాతి పనులు

కంపెనీ వారికి: చీకటి పడ్డాక కరెంటు పోతే క్లాసు ఆగిపోతోంది. ఒక్కోటి 1,600 చొప్పున నాలుగు ఛార్జింగ్ లైట్లు కొనడానికి ఆఫీసు పద్దు నుంచి 6,400 సామగ్రి పద్దుకు మార్చుకోనివ్వండి. ఆడిట్ ఫీజుకు ఇబ్బంది రాదు, లెక్క చూసుకున్నాం. ఆగస్టు 20 లోపు మెయిల్‌లో సరేనంటేనే కొంటాం. ఫోన్లో చెప్పింది ఫైలులో ఉండదు కాబట్టి మెయిలే పంపండి.

వ్యాపారులకు: ఇప్పుడున్న నిల్వ ఆగస్టు పూర్తిగా, సెప్టెంబరులో కొంత వస్తుంది. తర్వాతి విడత సెప్టెంబరు 10 లోపు ఇప్పించండి.

దంపతులకు: 80జీ కింద మీకు రావాల్సిన ఫారం 10బీఈ ఇప్పుడు రాదు, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు పంపుతాం. అప్పటిదాకా మా రసీదు దాచుకోండి.

ఆగస్టులో టీచరు నియామకం, టెన్త్ పిల్లలకు మొదటి పరీక్ష, అంతే. అసలు బిల్లులన్నీ అరండల్‌పేట ఆఫీసు బీరువాలో నెలవారీగా ఉన్నాయి, ఆదివారం తప్ప ఎప్పుడొచ్చినా చూడొచ్చు.

కోశాధికారి
గుంటూరు, ఆగస్టు 6, 2025

జతపరిచినవి: వోచర్ల స్కాన్‌లు, పాస్‌బుక్ పేజీ, డ్వాక్రా సంఘం రసీదులు, మూడు కేంద్రాల హాజరు పట్టీలు (పిల్లల పేర్లు చెరిపి)